41 బోర్డు దాటాక

మారథాన్ దారి పొడుగునా కిలోమీటరుకో బోర్డు ఉంటుంది. 41 అని రాసి ఉన్న బోర్డు కనబడగానే పరిగెత్తేవాళ్లలో చాలామంది మనసులో అనుకునే మాట ఒకటే: ఇంకొక్క కిలోమీటరు. ఆ లెక్క తప్పు. మారథాన్ మొత్తం దూరం 42.195 కిలోమీటర్లు. అంటే 41 బోర్డు దగ్గర ఇంకా 1,195 మీటర్లు మిగిలి ఉంటాయి. ఐదు గంటల్లో పరుగు ముగించే మామూలు మనిషికి ఆ పైనున్న 195 మీటర్లు దాదాపు నిమిషంన్నర పని. అప్పటికే వేల అడుగులు వేసిన కాళ్లకు, ఒంట్లో ఉన్న పిండి నిల్వలు చాలావరకు ఖర్చయిపోయిన మనిషికి, ఆ నిమిషంన్నర చిన్నది కాదు.

ఈ ఆఖరి కిలోమీటరులో పరిగెత్తే మనిషి తలలో ఏం జరుగుతుందో అది మాత్రమే రాసి కథ చెయ్యాలని ఎవరికైనా అనిపించవచ్చు. మనిషి ఒక్కరు, దారి ఒకటి, ఉన్నది ఎనిమిదిన్నర నిమిషాలు. కథకు ఇంతకన్నా బిగువైన చట్రం దొరకదు. అయితే రాయబోయినప్పుడు చాలా కథలు ఒకే చోట కూలిపోతాయి. అలసిన మనిషి ఎలా ఆలోచిస్తుందో కనుక్కోకుండా, తీరిగ్గా కుర్చీలో కూర్చున్న రచయిత ఆలోచనలను తెచ్చి ఆమె తలలో పెడతారు. అలాంటి కథ ఒకదాన్ని పునాది నుంచి కట్టి చూపిస్తే ఆ తేడా తెలుస్తుంది. ఈ వ్యాసంలో అదే ప్రయత్నం.

ముందు ఆ 195 మీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియాలి. మన కథంతా దాని మీదే నిలబడుతుంది. 1908 లండన్ ఒలింపిక్స్‌లో మారథాన్ విండ్సర్ కోట దగ్గర మొదలై స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటుకు ఎదురుగా ముగిసేలా దారి గీశారు. అది 26 మైళ్ల 385 గజాలు వచ్చింది. 1921లో అదే దూరాన్ని ఖాయం చేశారు. కిలోమీటర్లలో చెబితే 42.195. ఆ 1908 పరుగులోనే ఇటలీకి చెందిన డొరాండో పియెత్రి అందరికన్నా ముందు స్టేడియంలోకి వచ్చాడు. వచ్చినవాడు తప్పు దిక్కుకు తిరిగాడు. పడ్డాడు, లేచాడు, మళ్లీ మళ్లీ పడ్డాడు. గీత దాటడానికి మిగిలిన మూడున్నర వందల మీటర్లకు అతనికి దాదాపు పది నిమిషాలు పట్టింది. అధికారులు చెయ్యి అందించి గీత దాటించారు. అందుకే అతని గెలుపు చెల్లలేదు. బంగారు పతకం అమెరికా కుర్రాడు జానీ హేస్‌కి వెళ్లింది. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కోనన్ డాయిల్ ఆ రోజు స్టేడియంలో కూర్చుని ఆ దృశ్యాన్ని ఒక పత్రికకు రాశాడు.

ఆఖరి కిలోమీటరు కథ అనగానే ఎవరి మనసైనా పియెత్రి లాంటి మనిషి వైపే లాగుతుంది. నా సలహా మాత్రం అతన్ని వదిలేయమనే. కోనన్ డాయిల్‌కి అది పనికొచ్చింది, ఎందుకంటే ఆయన బయటి నుంచి చూస్తున్నాడు. తప్పు దిక్కుకు తిరిగిన మనిషి తల లోపల దిక్కు అన్నదే లేదు. వడదెబ్బకో, పూర్తి నిస్సత్తువకో ఆ స్థితికి చేరినవాళ్ల మనసులో ఒక ఆలోచన ఇంకో ఆలోచనను పట్టుకుని నడవదు. లోపలి నుంచి చెప్పే కథకు కావలసిన మనిషి వేరు. ఒళ్లంతా నొప్పులున్నా తెలివి తప్పకూడదు, తెలివిలో ఉన్నా లెక్క తప్పేంత అలసట ఉండాలి. ఆ రెండిటి నడుమ ఉన్న ఇరుకు చోటులోనే కథ ఉంది.

ఆ ఇరుకు చోటులో మనిషి దేని గురించి ఆలోచిస్తుంది? దీన్ని కొలిచినవాళ్లున్నారు. యాష్లీ శాంసన్, ఆమె తోటి పరిశోధకులు 2015లో అచ్చయిన తమ అధ్యయనంలో పదిమంది దూరపు పరుగువాళ్లను పరిగెత్తుతూ ఏది తోస్తే అది పైకి అనమని చెప్పి, ఆ మాటలన్నీ రికార్డు చేశారు. నూటికి 40 పాళ్లు వేగం, దూరం గురించిన మాటలే. 32 పాళ్లు నొప్పి, ఇబ్బంది. మిగిలిన 28 పాళ్లు చుట్టూ కనిపించేవి: దారి, ఎండ, తోటివాళ్లు. అవి ప్రాక్టీసు పరుగులు, మారథాన్ ఆఖరి నిమిషాలు కావు. అయినా కథకుడికి అందులో పెద్ద పాఠమే ఉంది. ఇంత సాధారణంగా సాగే పరుగులోనే తలపులు అంకెల చుట్టూ, ఒంటి చుట్టూ, కంటి ముందున్న వాటి చుట్టూ తిరుగుతాయి. జీవిత చరిత్ర నెమరువేసుకోవడానికి అక్కడ చోటు బాగా తక్కువ. కాబట్టి కథలో గతం రావాలంటే ఈ మూడు తలుపుల్లో ఏదో ఒక తలుపులోంచి రావాలి. ఒక అంకె లాక్కురావాలి, లేదా ఒక నొప్పి, లేదా రోడ్డు మీద కనబడ్డ ఏదో ఒకటి.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. విలియం మోర్గాన్, మైఖేల్ పొలాక్ అనే ఇద్దరు 1977లో మేటి పరుగువాళ్లతో, మామూలు పరుగువాళ్లతో మాట్లాడి ఒక తేడా గమనించారు. మేటివాళ్లు పరుగంతా తమ ఊపిరిని, కండరాలను కనిపెట్టుకుని ఉంటారు. మామూలువాళ్లు నొప్పి నుంచి మనసు మళ్లించుకోవడానికి పాటలు పాడుకుంటారు, లెక్కలు వేసుకుంటారు, ఇంటి సంగతులు తలచుకుంటారు. అంటే పాత్ర ఎవరన్న దాన్ని బట్టి ఆలోచనల తీరు మారుతుంది. కథకు ఎవరు మేలంటే నేను రెండోవాళ్లనే చెబుతాను. వాళ్ల మనసు పక్కకు జారుతుంది, ఒళ్లు వెనక్కి లాగుతుంది. ఆ లాగులాట రాయదగింది.

ఇక పాత్రను ఎంచుకుందాం. మొదట తోచేది లెక్కల టీచర్. అంకెలతో బతికే మనిషి ఆఖరి కిలోమీటరులో లెక్క తప్పితే ఎంత బాగుంటుంది అనిపిస్తుంది. అక్కడే ఆగాలి. అలా చేస్తే రచయిత చెయ్యి కనబడిపోతుంది. నా ఎంపిక ఆర్టీసీ కండక్టర్. సంగారెడ్డి డిపో, వయసు 44, పేరు సుగుణ అనుకుందాం. ఈమెకూ లెక్కతోనే పని, కానీ అది నిలబడి, ఊగుతూ, జనం మధ్య చేసే లెక్క. ఆడవాళ్లకు జీరో టికెట్లు కొట్టాలి, మగవాళ్ల దగ్గర డబ్బులు తీసుకోవాలి, చిల్లర లేకపోతే టికెట్ వెనకాల బాకీ రాసివ్వాలి. రోజంతా నోట్లో ఆడే మాట “రైట్ రైట్”. పరుగులో చాలామంది ఒక మాటనో, అంకెనో పట్టుకుని దాని మీద అడుగు వేస్తారు. ఆమెకు ఆ మాట వెతికి ఇవ్వక్కర్లేదు, నోట్లోనే ఉంది.

ఊరు హైదరాబాద్. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర చీకటితోనే మొదలై, ఫ్లైఓవర్లు ఎక్కి దిగుతూ గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. వానాకాలపు ఉక్కపోత, ఎత్తుపల్లాలు కలిసి కాళ్లను తొందరగా తినేస్తాయి. ఫ్లైఓవర్ ఎక్కడం కన్నా దిగడమే తొడలకు చేటు. దిగేటప్పుడు ప్రతి అడుగుకూ తొడ కండరం సాగుతూనే బరువు ఆపాలి, ఆ పనికి అది లోపల సన్నగా చిరుగుతుంది. అందుకే 41 దగ్గరికి వచ్చేసరికి చదును రోడ్డు కూడా మెట్ల దారిలా తగులుతుంది. ఈ సంగతులు కథలో రాయనక్కర్లేదు, రాసేవాడికి తెలిసి ఉంటే చాలు. తెలిస్తే “ఆయాసంతో రొప్పుతోంది” అని రాయరు. ఐదు గంటల పరుగు మనిషికి ఆఖర్లో పెద్ద బాధ ఆయాసం కాదు. తొడలు, పిక్కలు, చెమటకు ఒరుసుకుపోయిన చంకలు, బూటు ముందుకు తగిలి నల్లబడిన బొటనవేలి గోరు. ముఖాన చెమట ఆరి ఉప్పు గీతలు కట్టి ఉంటుంది.

ఆమె కోరిక ఐదు గంటల లోపు ముగించడం. ఐదు గంటలకూ ఐదు గంటల ముప్పై సెకన్లకూ తేడా ఏముంది అని పరిగెత్తనివాళ్లు అడుగుతారు. పరిగెత్తేవాళ్లకు ఉంది. ఎరిక్ అలెన్, మరికొందరు పరిశోధకులు దాదాపు 98 లక్షల మారథాన్ ముగింపు సమయాలు తీసి లెక్కించి 2017లో ప్రచురించారు. గంట, అరగంట గుర్తులకు కాస్త ముందు మనుషులు గుంపుగా ఉంటారు, దాటిన వెంటనే పలచబడిపోతారు. ఆ గీత దగ్గర్లో ఉందని తెలిసినవాళ్లు ఆఖరి భాగంలో ఎలాగో శక్తి తెచ్చుకుని వేగం పెంచుతారు. ముగింపు కళ్ల ముందు కనబడితే ఒంట్లో దాగి ఉన్నదేదో బయటికి వస్తుందన్నది పరుగు తెలిసినవాళ్లందరికీ అనుభవమే. మన కథకు ఇది కీలకం. సుగుణకు కూడా ఆ దాగిన శక్తి ఉంది. సమయానికి తెలిస్తే వాడుకునేది.

ఇప్పుడు అంకెలు వేద్దాం. 41 బోర్డు దగ్గర ఆమె చేతి వాచీలో 4 గంటల 52 నిమిషాల 5 సెకన్లు. అప్పటిదాకా కిలోమీటరుకు 7 నిమిషాల 7 సెకన్ల చొప్పున వచ్చింది. ఐదు గంటలకు ఇంకా 7 నిమిషాల 55 సెకన్లు ఉంది. “కిలోమీటరే కదా, ఇదే నడకన పోతే 48 సెకన్లు మిగులుతాయి” అనుకుంటుంది. కాస్త ఊపిరి పీల్చుకుంటుంది, వేగం పెంచదు. నిజానికి ఆమెకు మిగిలింది 1,195 మీటర్లు. ఐదు గంటల్లో చేరాలంటే 41 దగ్గరే వేగం కిలోమీటరుకు 6 నిమిషాల 37 సెకన్లకు పెంచాల్సింది. అది కష్టమే, అసాధ్యం మాత్రం కాదు. అదే నడకన 42 బోర్డు చేరేసరికి 4:59:12. అక్కడ చేతిలో ఉన్నది 48 సెకన్లు, ముందున్నది 195 మీటర్లు. ప్రతి నూరు మీటర్లూ పాతిక సెకన్ల లోపు పరిగెడితేనే అందుతుంది. ఆ కాళ్లకు అది కాని పని. ఆమె చేరేది 5 గంటల 35 సెకన్లకు.

ఇదీ కథ ఎముక. చెడ్డవాళ్లు లేరు, పడిపోవడాలు లేవు, పక్కవాడిని భుజాన వేసుకుని గీత దాటించే త్యాగాలు లేవు. ఒక మనిషి చిల్లర మరిచిపోయింది. కథంతా అంతే. (జీపీఎస్ వాచీ పెట్టుకుంటే ఇంకో చిక్కు వస్తుంది. మలుపుల్లో వెలుపలి వైపు పరిగెత్తడం వల్ల, ఉపగ్రహ సంకేతం తడబడడం వల్ల వాచీ దూరాన్ని ఎక్కువ చూపిస్తుంది. వాచీలో 42.2 పడినా గేటు ఇంకా కనబడదు. అదీ మంచి కథే, కానీ వేరే కథ. సుగుణ చేతికి సమయం మాత్రమే చూపే మామూలు వాచీ చాలు.)

ఇక రాతలోకి వద్దాం. ఇలాంటి కథ మొదటి చిత్తు ప్రతిలో సాధారణంగా ఇలా ఉంటుంది:

“ఆమె పరుగు ఆపలేదు. చిన్నప్పుడు నాన్న చెప్పిన మాటలు చెవుల్లో మారుమోగాయి. జీవితం కూడా ఒక మారథాన్ లాంటిదే కదా అనుకుంది. చెప్పుల్లేకుండా బడికి నడిచిన రోజులు, పెళ్లి, ఉద్యోగం కోసం పడ్డ తిప్పలు ఒక్కొక్కటిగా కళ్ల ముందు మెదిలాయి.”

ఇందులో ఒక్క వాక్యం కూడా 41 దాటిన మనిషిది కాదు. అంకె లేదు, నొప్పి లేదు, రోడ్డు లేదు. గతం ఏ తలుపులోంచీ రాలేదు, రచయిత పిలిస్తే వచ్చింది. పైగా గుర్తొచ్చినవన్నీ వరస క్రమంలో, బాల్యం నుంచి ఉద్యోగం దాకా వచ్చాయి. అలసిన తలకు ఆ వరస ఉండదు. ఇప్పుడు అదే చోటు ఇంకోలా:

“41. నాలుగు, యాభై రెండు, ఐదు. ఎంతున్నది? ఏడు నిమిషాల యాభై ఐదు. కిలోమీటరే. ఏడు పడుతది. ఇంకా మిగుల్తది. బొటనేలు. పోనీ. రైట్. రైట్. నీళ్లు వద్దు, తాగితే ఆగాలె. ముందల పచ్చ బనీను. గంట సంది గదే వీపు. రైట్. రైట్. ఏడు చాలు.”

ఇందులో “ఆమె” లేదు, “నేను” లేదు, “అనుకుంది” లేదు. తెలుగులో క్రియకు కర్త చెప్పకపోయినా నడుస్తుంది, ఒక్కోసారి క్రియ లేకపోయినా నడుస్తుంది. మన మాటల్లో రోజూ అలాగే మాట్లాడుకుంటాం. ఈ రకం కథకు అది వరం, దాన్ని వాడుకోవాలి. మాట కూడా ఆమె ఊరిదే అయి ఉండాలి. సంగారెడ్డి మనిషి నొప్పిలో పుస్తకాల భాషలో ఆలోచించదు.

అంతా ఇలాగే రాస్తే పాఠకుడికి విసుగు రాదా అంటే, వస్తుంది. ఈ ముక్కల మాటలు రెండు పేజీలు దాటితే చదవడం కష్టం. అందుకే కథ నిడివి దాని సమయాన్ని మించకూడదు. ఆమె పరిగెత్తేది ఎనిమిదిన్నర నిమిషాలు, వేసేది పదమూడు పద్నాలుగు వందల అడుగులు. కథ చదవడానికి కూడా సుమారు అంతే పట్టాలి. వెయ్యి, పన్నెండు వందల మాటలు చాలు. దీన్ని నవల చేయబోతే చెడిపోతుంది. అంపశయ్య నవీన్ 1969లో వచ్చిన ‘అంపశయ్య’లో ఉస్మానియా విద్యార్థి రవి మనసును ఒక్క రోజు పొడుగునా చైతన్య స్రవంతిలో చూపించారు. అక్కడ రవికి తీరిక ఉంది. మంచం మీద పడుకుంటాడు, క్యాంపస్‌లో తిరుగుతాడు, మనసు ఎంత దూరం పోయినా తిరిగి రావడానికి వేళ ఉంది. సుగుణకు ఆ తీరిక లేదు. ఆమె తలపు ఎంత దూరం పోయినా మూడు నాలుగు ఊపిర్లలో పిక్క దాన్ని వెనక్కి లాగుతుంది.

కథలో గతం ఒక్కసారి వస్తే చాలు. ఇక్కడ అది రోడ్డు తలుపులోంచి వస్తుంది. పరుగువాళ్ల కోసం పోలీసులు ట్రాఫిక్ ఆపారు. ఆగిన బండ్లలో ఒక ఆర్టీసీ బస్సు ఉంది:

“బస్సు. మనదే. ఆపిండ్రు. కండక్టరమ్మ దర్వాజల నిలబడి సూస్తున్నది. రైట్. రైట్. పిక్క. ఎడమ పిక్క పట్టేటట్టున్నది. కిటికీల చెయ్యి. ముసలి చెయ్యి. నలభై. ఎనక రాసిచ్చిన. దిగేటప్పుడు తీస్కో తాతా అన్న. అన్ననా? అన్న. దిగిండు. టికెట్ పట్టుకొని చెయ్యెత్తిండు. బస్సు కదిలింది. రైట్ అన్నది నేనే.”

ఎవరా తాత, ఎప్పటి సంగతి, తర్వాత ఏమైందన్నది కథ చెప్పదు. టికెట్ అరవై, అతను ఇచ్చింది వంద, బాకీ నలభై రూపాయలు టికెట్ వెనకాల రాసింది, దిగేటప్పుడు ఇవ్వడం మరిచింది. బస్సు ఎక్కే ప్రతి తెలుగు పాఠకుడికీ ఈ అనుభవం ఏదో ఒక వైపు నుంచి ఉంది, కాబట్టి ఇంతకన్నా చెప్పక్కర్లేదు. చూడాల్సింది “రైట్” అన్న మాట. ఇంతవరకూ ఆమెను నడిపించిన మాట ఇదే. ఈ పేరా తర్వాత ఆ మాట మీద అడుగు వేయడం ఆమెకు కష్టమవుతుంది. కథ మారేది ఇక్కడే, బయట ఏమీ జరగకుండానే. దీని తర్వాత ఆమె “రైట్” అనడం మానేసి ఉత్త అంకెలు లెక్కపెట్టుకుంటుంది. ఎందుకు మానిందో రచయిత చెప్పకూడదు.

ఆ తర్వాత 42:

“42. నాలుగు, యాభై తొమ్మిది, పన్నెండు. అయిపాయె. గేటేది? ఇంకా ఆడున్నది. ఆడెందుకున్నది? నూట తొంభై ఐదు. చిల్లర. చిల్లర మర్షిన.”

లెక్క, బాకీ, తాత, ఆ 195 మీటర్లు ఒకే మాటలో కలిసే చోటిది. కండక్టర్ కాని మనిషి నోట ఈ మాట రాదు. పాత్ర ఉద్యోగాన్ని ముందుగా నిర్ణయించుకోవడం ఇందుకే. ఈ కలయికను పాఠకుడు పసిగట్టాలి. సుగుణ పసిగట్టనక్కర్లేదు, ఆమె పూర్తిగా గ్రహించి ఒక పెద్ద మాట అంటే కథ అక్కడికక్కడే చచ్చిపోతుంది.

మిగిలింది ముగింపు. ఇక్కడ మనకన్నా ముందు వెళ్లిన పెద్ద రచయిత ఒకాయన ఉన్నాడు. ఇంగ్లండ్ రచయిత అలన్ సిల్లిటో 1959లో ‘ది లోన్లీనెస్ ఆఫ్ ది లాంగ్ డిస్టెన్స్ రన్నర్’ ప్రచురించాడు. దొంగతనం చేసి బాల నేరస్తుల శిక్షణాలయంలో ఉన్న స్మిత్ అనే కుర్రాడు పొలాల వెంట సాగే పరుగు పందెంలో అందరికన్నా ముందుంటాడు. అతను గెలిస్తే కప్పు వస్తుందని అక్కడి అధికారి ఆశ. గీత ముందు స్మిత్ కావాలనే ఆగిపోయి వెనకవాడిని పోనిస్తాడు. అది మారథాన్ కాదు, కథ ఆఖరి కిలోమీటరుకే కట్టుబడీ లేదు. పైగా స్మిత్ దాన్ని తర్వాత కూర్చుని చెబుతున్నాడు, అందుకే అతని వాక్యాలకు అంత పొడుగు, అంత తర్కం వచ్చాయి. అయినా దాని నుంచి తీసుకోవలసింది ఒకటుంది: గీత దగ్గర పాత్ర ఏదో ఒకటి నిర్ణయించుకోవాలి. దాటడం, దాటకపోవడం కాళ్లకే వదిలేస్తే అది వార్త అవుతుంది.

సుగుణ ముందున్న నిర్ణయం చాలా చిన్నది. ఐదు గంటలు పోయాయి. ఇక పరిగెత్తినా, నడిచినా ఆ గీతకు సంబంధించినంత వరకు ఒకటే. పచ్చ బనీను మనిషి నడకలోకి దిగాడు. ఆమె నడవవచ్చు. నడవదు. ఆ 195 మీటర్లూ అదే వేగంతో పరిగెడుతుంది, ఒక్కొక్కటీ లెక్కపెడుతూ. నా చేతికి వదిలితే కథను గేటు దాకా తీసుకుపోను. పతకం మెడలో వేయించను, 5:00:35 అన్న అంకె కూడా చూపించను. “నూట ఎనభై. నూట డెబ్బై.” ఆ అంకెల మధ్యలో ఎక్కడో ఆపుతాను.

రాసిన కథ నిజంగా ఆఖరి కిలోమీటరులో ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక పద్ధతి చెబుతాను. ప్రతిని చేత్తో పట్టుకుని మూడో అంతస్తు దాకా మెట్లు వేగంగా ఎక్కుతూ పైకి చదవండి. ఎక్కడ ఊపిరి అందక వాక్యం మధ్యలో తెగిందో అక్కడ ఆ వాక్యం పాత్రది కాదు, మీది. దాన్ని విరవండి, లేదా తీసేయండి. తర్వాత ఒక పెన్సిలు తీసుకుని అంకె, నొప్పి, రోడ్డు కనబడిన చోటల్లా గీత పెట్టండి. ఆరేడు వాక్యాలు వరసగా ఏ గీతా లేకుండా పోతే అక్కడ మీ మనిషి పరుగు ఆపేసిందన్నమాట.

ఈ కథ రాయాలనుకునేవాళ్లకు ఒక విన్నపం. గెలిచినవాళ్ల ఇంటర్వ్యూలు చదివి రాయకండి. వాళ్లు రెండు గంటల ఇరవై, ముప్పై నిమిషాల్లో వచ్చేస్తారు, వాళ్ల ఆఖరి కిలోమీటరు వేరు. వచ్చే ఆగస్టులో మారథాన్ జరిగే ఆదివారం గచ్చిబౌలి స్టేడియం దగ్గరికి వెళ్లి, 42 బోర్డుకూ గేటుకూ మధ్య ఒక పక్కన నిలబడండి. నాలుగున్నర, ఐదు, ఐదున్నర గంటలకు వచ్చేవాళ్ల కోసం ఆగండి. వాళ్లు గేటు వైపు ఎలా చూస్తారో, వాచీ ఎన్నిసార్లు చూసుకుంటారో, పెదవుల మధ్య ఏం గొణుక్కుంటారో వినండి. రెండు గంటలు విన్నాక రాయండి.